ఎవరని అడగరాదు

ప్రమోదిని ఆ పాలసీని పదకొండు పేజీలు రాసింది. అందులో తొమ్మిది పేజీలు ఎవరూ చదవలేదు. మిగిలిన రెండింటిలో ఒకటి అట్ట, రెండోది సంతకాల పేజీ.

ఆమె పనిచేసే జలసేవా ట్రస్టు ఆఫీసు కాశీబుగ్గలో ఓ జీడిపప్పు కొట్టు పైన రెండో అంతస్తులో ఉంది. ఉద్దానంలో, ఆ చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళలో ట్రస్టుకి తాగునీటి ప్లాంట్లున్నాయి. ప్రమోదిని ఆఫీసు వ్యవహారాలు చూస్తుంది. సిబ్బంది సెలవులు, జీతాల పట్టీలు, దాతలకు పంపే రిపోర్టులు, ఎవరి పనీ కాని పనులు అన్నీ ఆమెవే. ట్రస్టుకి సాయం చేసే హైదరాబాదు కంపెనీవాళ్ళు ఆ ఏడాది ఒప్పందంలో కొత్తగా ఒక షరతు చేర్చారు. ట్రస్టులో తప్పు జరిగితే లోపలివాళ్ళు భయం లేకుండా చెప్పుకోవడానికి రాతపూర్వకమైన విజిల్‌బ్లోయర్ పాలసీ ఉండాలన్నారు. అది ఎవరి పనీ కాదు కాబట్టి ప్రమోదిని దగ్గరికి వచ్చింది.

డైరెక్టరు తారకేశ్వరరావు గారు మొదట తానే ఒకటి రాసిచ్చారు. ఆయన రాసింది ఒక్క వాక్యం. ట్రస్టులో ఏ తప్పు జరిగినను డైరెక్టరు వారికి సంతకముతో, ఆధార్ నకలుతో సహా తెలియజేయవలెను. హైదరాబాదు కంపెనీ మనిషి ఫోన్లో అది రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, తప్పు చేసింది డైరెక్టరే అయితే ఎవరికి చెప్పాలని అడిగాడు. ప్రమోదిని ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు డైరెక్టరుకి అందించింది. ఆయన నవ్వి, అలాంటిది జరగదు గనక ఆ వాక్యం అవసరం లేదన్నారు.

చివరికి రాసే పని ఆమెకే పడింది. ఒక్క మాట దగ్గర ఆమె నాలుగు రోజులు ఆగిపోయింది. ఫిర్యాదు చేసినవారి పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టం అని మొదట రాసుకుంది. చదువుకుంటే తనకే ధైర్యంగా అనిపించింది. హైదరాబాదు మనిషి ఆ వాక్యాన్ని కొట్టేశాడు. రేపు కోర్టు అడిగితే ఇవ్వాలి, పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇవ్వాలి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం మేలన్నాడు. ఆమె తిరగరాసింది. పేరు గానీ, పేరు పట్టిచ్చే వివరాలు గానీ, విచారణకు తప్పనిసరైన వారికి తప్ప ఎవరికీ తెలియరాదు. చట్టం అడిగితే ఇవ్వాలి. ఇచ్చేముందు, చట్టం వద్దంటే తప్ప, ఆ మనిషికి చెప్పి ఇవ్వాలి.

మిగతావి అంత కష్టపెట్టలేదు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళు గానీ, వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు గానీ విచారణ చేయకూడదు. డైరెక్టరు ప్రమేయం ఉంటే ఫిర్యాదు ఆయన బల్ల మీదకు రాకుండా నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షురాలికి వెళ్ళాలి. చెప్పినవాళ్ళ దగ్గర రుజువు ఉండనక్కరలేదు. తప్పు జరిగిందని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు. నోటితో చెప్పినా చెల్లుతుంది. ఫిర్యాదు అందినట్టు ఏడు రోజుల్లో చెప్పాలి, ఆ తర్వాత ముప్పై రోజులకొకసారి ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. చెప్పడానికేమీ లేకపోతే ఏమీ లేదని చెప్పాలి. ఎనిమిదో క్లాజు ఆమె సొంతంగా చేర్చింది. ఫిర్యాదు చేసింది ఎవరో కనుక్కోవడానికి ప్రయత్నించడం, ఎంత పదవిలో ఉన్నవారికైనా, అదే ఒక దుష్ప్రవర్తన.

తారకేశ్వరరావు గారు సంతకాల పేజీలో తన పేరు ముందు ‘శ్రీ’ లేదని చెప్పి వేయించారు. ‘చదివి అర్థం చేసుకున్నాను’ అన్న అచ్చు కింద సంతకం చేశారు. ఫిర్యాదుల పెట్టెను మాత్రం తన గది గుమ్మానికి ఎదురుగా, సీసీ కెమెరా కింద తగిలించమన్నారు, భద్రత కోసం. ప్రమోదిని మరునాడు దాన్ని మెట్ల మలుపులోకి మార్చింది. పెట్టె తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.

మొదటి రెండు నెలల్లో పెట్టెలో నాలుగు కాగితాలు పడ్డాయి. టీలో పాలు తక్కువని ఒకటి. ఫ్యాను చప్పుడని ఒకటి. మూడోది, నాలుగోది ఇద్దరు ఆపరేటర్లు ఒకరి మీద ఒకరు రాసుకున్నవి. వాళ్ళిద్దరూ బావాబావమరుదులు. ఇవన్నీ సొంత ఇబ్బందులు, పాలసీ కిందికి రావు, మామూలు ఫిర్యాదుల రిజిస్టరులోకి వెళ్ళాలి. ఆ రిజిస్టరు కూడా ప్రమోదినిదే. కాబట్టి కాగితాలను కుడి అర నుంచి ఎడమ అరలోకి మార్చింది.

జులైలో ఒక శుక్రవారం అసిరమ్మ వచ్చింది.

అసిరమ్మది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున గుల్లపాడు. యాభై ఏళ్ళుంటాయి. మొగుడిది చేపల వేట. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి ఊళ్ళో నీళ్ళ ప్లాంటు ఆమెకు అప్పజెప్పారు. పొద్దున్నా సాయంత్రం ప్లాంటు తిప్పడం, నీళ్ళలో ఎంత ఉప్పు కరిగి ఉందో మీటరు పెట్టి చూడడం, లెక్క రాయడం ఆమె పని. కాశీబుగ్గ సంతకు ఎండుచేపలు తెచ్చిన చెల్లెలితో వచ్చానని, చెల్లెలు కింద ఉందని చెప్పింది. తలుపు వేసుకోవచ్చా అని అడిగి, తనే వేసింది. కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. ప్లాంటు గోడకు నెలనెలా అంటించే నీటి పరీక్ష రిపోర్టు అది.

“దీని మీద తారీకు సూడండి మేడమ్మా. ఆరోజున మా ప్లాంటు కాడ నీళ్ళు పట్టుకెళ్ళి పరీచ్చ సేసినట్టుంది. మోటారు కాలిపోయి పదకొండు రోజులు మూసేసినాం కదేటి. ఆరోజున మా ప్లాంటులో నీళ్ళే నేవు.”

ప్రమోదిని తారీకు చూసింది. మోటారు బాగుచేయించిన బిల్లు తన దగ్గరే ఉంది. చూడకుండానే ఆ పదకొండు రోజులు ఏవో ఆమెకు గుర్తొచ్చాయి.

అసిరమ్మ మిగతాది నెమ్మదిగా చెప్పింది. పరీక్షకు నీళ్ళు నింపుకోవడానికి ఐదు నెలలుగా ఎవరూ రాలేదు. అయినా రిపోర్టు మాత్రం ప్రతి నెలా వస్తోంది. టెక్నికల్ మేనేజరు జగదీష్ తెచ్చి అంటించి పోతున్నాడు. ఇదివరకు మీటరులో అరవై, డెబ్బై చూపించేది, ఇప్పుడు మూడు వందల నలభై చూపిస్తోంది. జగదీష్‌కి చెబితే మీటరు పాడైపోయిందన్నాడు. ఆమె పక్క ఊరి ఆపరేటరు మీటరు తెచ్చి చూసింది. అదీ మూడు వందల నలభైయే చూపించింది. ఆ తీరంలో నీళ్ళ గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడరు. ప్రతి వీధిలోనూ కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళొచ్చే మనిషి ఒకరైనా ఉన్నారు. ఆ జబ్బు ఎందువల్ల వస్తోందో పెద్దపెద్ద వాళ్ళే తేల్చలేదు గానీ, నీళ్ళు మంచివని గోడ మీద రాసి ఉంటే ఆ మాట నిజమై ఉండాలని అసిరమ్మ అభిప్రాయం.

ప్రమోదిని అప్పుడు పాలసీ తీసి, రహస్యం గురించిన పేరా చదివి వినిపించింది. అసిరమ్మ శ్రద్ధగా వింది.

“అంటే కోర్టోలడిగితే సెప్పేస్తారన్నమాట.”

“అడిగితే చెప్పాలి. ముందు నీకు చెప్పి చెప్తాం. ఎవ్వరికీ చెప్పమని నేను మాటిస్తే అది అబద్ధం అవుద్ది అక్కా.”

అసిరమ్మ బల్ల మీది రిపోర్టు మడతలను అరచేత్తో సాపు చేసింది. కింద జీడిపప్పు వేపుతున్న వాసన వస్తోంది. ఎవ్వరికీ తెలీదని తాను ప్రమాణం చేసి ఉంటే అసిరమ్మ లేచి వెళ్ళిపోయేదని ప్రమోదినికి తర్వాత ఎప్పుడో తెలిసింది. అలా ప్రమాణాలు చేసినవాళ్ళను అసిరమ్మ చాలామందిని చూసింది.

“రాసుకోండి,” అంది.

ప్రమోదిని రాసి, చదివి వినిపించి, తప్పులు దిద్దించుకుంది. ఫోను మొగుడి దగ్గర ఉంటుంది కాబట్టి ఫోను చేయొద్దని అసిరమ్మ చెప్పింది. సంత ఉన్న శుక్రవారాల్లో మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్సులో వజ్రపుకొత్తూరు బస్సు ఆగేచోట ఉంటానంది.

జగదీష్ డైరెక్టరుకి నేరుగా జవాబుదారీ. రిపోర్టుల మీద డైరెక్టరు సంతకం ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు ఆయనకు వెళ్ళకూడదు. ఆడిట్ కమిటీ అధ్యక్షురాలు డాక్టర్ మోహిని విశాఖపట్నంలో ఉంటారు. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. ప్రమోదిని ఆవిడకు ఫోను చేసి మొత్తం చెప్పింది. ఆ తర్వాత ఇంకొకటి కూడా చెప్పింది. ఆ రిపోర్టులను దాతలకు పంపింది తనే. దొంగవని తెలీదు, కానీ పంపింది తన చేతులే.

“అయితే నువ్వు విచారణలో ఉండకు,” అన్నారు మోహిని. “ఫిర్యాదు తీసుకోవడం, ఆవిడకు కబురు చెప్పడం, అంతవరకే నీ పని. ఈ మాట కూడా రాసి ఉంచు.”

ప్రమోదిని రాసి ఉంచింది.

మొదటి చిక్కు నీళ్ళ దగ్గరే వచ్చింది. విచారణ తేలేదాకా జనం ఆ నీళ్ళు తాగుతూ ఉండకూడదు. గుల్లపాడు ప్లాంటు ఒక్కటే మూయిస్తే, చెప్పింది ఎవరో పాలసీ చదవని వాళ్ళకు కూడా అర్థమవుతుంది. మోహిని రెండ్రోజుల్లో ఒక ఉత్తర్వు పంపారు. వానాకాలపు తనిఖీలో భాగంగా పద్నాలుగు ప్లాంట్ల ఆపరేటర్లూ మీటరు అంకెలను ఫొటో తీసి నేరుగా విశాఖపట్నం పంపాలి, అంకె ఫలానాది దాటితే ఆ ప్లాంటు ఆపి ట్యాంకరు తెప్పించాలి. ఐదు ప్లాంట్లు ఆగిపోయాయి. గుల్లపాడు అందులో మూడోది.

విచారణకు టెక్కలిలో ఉంటున్న తిరుమలరావు గారిని వేశారు. ప్రభుత్వ నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ట్రస్టులో ఎవరికీ చుట్టం కాదు. ఆ జిల్లాలో అలాంటి మనిషిని వెతకడానికే మోహినికి వారం పట్టింది. ఆయన ఒక్క ఊరికి వెళ్ళకుండా పద్నాలుగు ఊళ్ళకూ వెళ్ళారు. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగారు, అన్నిచోట్లా సీసాలు నింపుకుని వేరే ల్యాబుకి పంపారు. అసిరమ్మ దగ్గర మిగతావాళ్ళ దగ్గరకన్నా ఐదు నిమిషాలు తక్కువ కూర్చున్నారు.

ఈలోగా డైరెక్టరుకి అనుమానం వచ్చింది. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పాతికేళ్ళు హెడ్మాస్టరుగా చేశారు, తరగతిలో ఎవరు అల్లరి చేశారో అరవకుండా కనుక్కోవడం ఆయనకు అలవాటు. ఒక ఉదయం టీ తాగుతూ, ఏదో ఫిర్యాదు వచ్చిందటగా అమ్మా, మనవాళ్ళలో ఎవరు, అని అడిగారు. ప్రమోదిని ఎనిమిదో క్లాజు సంగతి చెప్పింది. ఆయన అవునవునన్నారు. ఆమె తన గదిలోకి వచ్చి తారీకు, టైము వేసి రాసుకుంది.

రెండోసారి ఆఫీసుకు వచ్చేపోయేవాళ్ళ రిజిస్టరు తెప్పించుకుని జులై నెల పేజీలు చూశారు. మూడోసారి జీపు డ్రైవరును పిలిచి, ప్రమోదిని మేడం ఈమధ్య ఏ ఊళ్ళు వెళ్ళిందని అడిగారు. డ్రైవరు ఆ మాట ఆమెకే చెప్పాడు. నాలుగోసారి ఆయన పద్ధతి మార్చారు. ఇంత ధైర్యంగా ముందుకొచ్చిన మనిషిని ట్రస్టు తరఫున సన్మానించడం ధర్మమని, శాలువా తెప్పిస్తానని, పేరు చెబితే చాలని అన్నారు. ప్రమోదిని సన్మానం అని కూడా రాసుకుంది.

ఐదోసారి ఆపరేటర్లందర్నీ పక్కనే ఉన్న పలాసకు పిలిపించి, పులిహోర పెట్టించి, ట్రస్టు అభివృద్ధికి సూచనలంటూ ఒక్కొక్కరి చేత సొంత దస్తూరీతో నాలుగు వాక్యాలు రాయించారు. ఫిర్యాదు రాతలో ఉందని ఎవరో చెప్పి ఉంటారు. పోల్చడానికి ఆ ఫిర్యాదు ఆయన చేతిలో లేనందువల్ల, ఉన్నా ఆ రాత ప్రమోదినిదే అయినందువల్ల, పద్నాలుగు కాగితాలూ రెండ్రోజులు భూతద్దం కింద ఉన్నా ఏమీ తేలలేదు. అసిరమ్మ రాసింది ఒక్క వాక్యమే. పులిహోర బాగుంది.

ముప్పై రోజుల గడువులో ఆఖరి శుక్రవారం వచ్చింది. ప్రమోదిని ఆ రోజు పొద్దున్నుంచీ వెళ్ళకుండా ఉండడానికి కారణాలు వెతుక్కుంది. ల్యాబు ఫలితాలు రాలేదు. చెప్పడానికి ఏమీ లేదు. ఎవరైనా చూస్తే ప్రమాదం. వచ్చేవారం వెళ్తే రెండు మాటలు ఎక్కువ చెప్పొచ్చు. అన్నీ మంచి కారణాలే. చెప్పడానికేమీ లేకపోతే ఏమీ లేదని చెప్పాలి అని రాసిన మనిషి తను కాకపోయి ఉంటే బాగుండేదనుకుంది. మధ్యాహ్నం ఎండలో కాంప్లెక్సుకి నడిచి వెళ్ళింది.

అసిరమ్మ బెంచీ మీద ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ప్రమోదిని పక్కన కూర్చుని, బస్సు కోసం చూస్తున్నట్టు అటువైపు చూస్తూ చెప్పింది. విచారణ నడుస్తోంది. చేస్తున్నది బయటి మనిషి. సీసాలు ల్యాబులో ఉన్నాయి. ఏం దొరికిందో ఇప్పుడు చెప్పకూడదు. ఇంకా ఏదీ తేలలేదు.

“ఏటీ నేదని సెప్పడానికి ఇంత ఎండలో వచ్చినారా?”

“అవునక్కా.”

అసిరమ్మ గంపను ఇటునుంచి అటు తిప్పింది. “ఇంటి పట్టా కోసం ఆరేళ్ళ నుంచి తిరగతన్నాం. ఏటీ నేదని కూడా ఇంతవరకూ ఒక్కడు సెప్పనేదమ్మా.”

ఆ తర్వాత బస్సు వచ్చింది. ఆఫీసుకి తిరిగి నడుస్తుంటే, ఆ ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్ళలో తనను ఎవరైనా మెచ్చుకున్నారంటే అది ఇదేనేమోనని ప్రమోదినికి అనిపించింది. మెచ్చుకోలో కాదో మాత్రం తేల్చుకోలేకపోయింది.

అసలు కష్టం ఆరోసారి వచ్చింది. ఆగస్టు చివర్లో తారకేశ్వరరావు గారు ఆపరేటర్లకు బదిలీలు వేశారు. పద్నాలుగు మందీ మారాలి. ఒకే చోట ఎక్కువ కాలం ఉంటే పనిలో చురుకు తగ్గుతుందని ఉత్తర్వులో రాశారు. దెబ్బ తగిలినవాళ్ళు అరుస్తారని, అరిచినవాళ్ళు దొరుకుతారని ఆయన లెక్క. అసిరమ్మను నందిగాం దగ్గర ప్లాంటుకు వేశారు. గుల్లపాడు నుంచి రెండు బస్సులు మారాలి. పొద్దున్నే ప్లాంటు తిప్పాలంటే కోడి కూయకముందే బయల్దేరాలి. అలా వెళ్ళడం కుదరదు కాబట్టి పని మానుకోవాలి.

అసిరమ్మ చెల్లెలి ఫోన్లోంచి చేసింది. ఆమె గొంతులో కోపం లేదు.

“నన్ను నందిగాం ఎల్పొమ్మన్నారు. ఆ పుస్తకంలో దీనికేటైనా ఉందా, నేదా?”

ఉంది. ఫిర్యాదు చేసినవారి మీద కక్ష సాధింపు చర్యలు చెల్లవని, ఫిర్యాదు తర్వాత ఏ చర్య తీసుకున్నా అది కక్షతో కాదని సంస్థే నిరూపించుకోవాలని ఆరో క్లాజు. చాలా బలమైన క్లాజు. కానీ దాన్ని వాడాలంటే, ఫలానా మనిషి ఫిర్యాదు చేసింది, ఆమె బదిలీ ఆపండి, అని రాయాలి. పద్నాలుగు మందిలో ఒక్కరి బదిలీ ఆగితే ఇక కాపాడవలసిన రహస్యం ఉండదు. ప్రమోదిని పదకొండు పేజీలూ మళ్ళీ చదివింది. రహస్యానికి ఒక క్లాజు రాసింది, రక్షణకు ఒక క్లాజు రాసింది, రెండూ ఒకేరోజు అవసరమైతే ఏం చేయాలో రాయలేదు. తనే రాసింది కనుక తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

ఆమె మోహినికి ఫోను చేసి, తప్పు తన రాతలో ఉందని చెప్పింది. మోహిని అంతా విని ఒక ప్రశ్న అడిగారు. ఆపరేటర్లు మారిపోతే తిరుమలరావు గారు రెండోసారి సీసాలు నింపడానికి వెళ్ళినప్పుడు పాత సంగతులు చెప్పేవాళ్ళు ఉంటారా? ఉండరని ప్రమోదిని చెప్పింది.

సాయంత్రానికల్లా కమిటీ ఉత్తర్వు వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా పద్నాలుగు ప్లాంట్లలో ఏ ఒక్కరినీ కదపరాదు, విచారణ అధికారికి అందరూ అందుబాటులో ఉండాలి. పేర్లు లేవు, క్లాజు నంబరు లేదు. పదమూడు మంది తమకు తెలీకుండానే రక్షణ పొందారు. వారిలో ఇద్దరికి బదిలీ ఇష్టమట. ఎందుకు ఆపారని పెట్టెలో కాగితం వేశారు. ప్రమోదిని దాన్ని ఎడమ అరలో పెట్టింది.

మరునాడు తారకేశ్వరరావు గారు ఆమెను గదికి పిలిచారు. కూర్చోమన్నారు. అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

“ఇది నా మీద ఫిర్యాదా అమ్మా?”

“ఆ మాట నేను చెప్పకూడదు సార్.”

“నా ఆఫీసులో నాకు తెలీకుండా ఎవరో నా మీద చెప్పడం, నువ్వు రాసుకోవడం, ఇదేం పద్ధతి?”

“మీరు సంతకం పెట్టిన పద్ధతే సార్.”

“నేనది చదవలేదు.”

“చదివినట్టు పెట్టారు సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలా మర్యాదగా, ఆఖరుసారి అడుగుతున్నట్టు, ఆ మనిషి ఆడా మగా అన్నదొక్కటే చెప్పమన్నారు. ఆమెకు ఆ క్షణంలో ఆయన మీద జాలి వేసింది. ఇన్నాళ్ళూ జీతం ఇచ్చిన మనిషి, తన కూతురి చదువుకు సిఫారసు ఉత్తరం రాసిపెట్టిన మనిషి. ఉద్యోగం పోతే ఇక్కడ ఇంకొకటి దొరకదని కూడా గుర్తొచ్చింది. లేచి నిలబడి, ఇది ఏడోసారి సార్, రాసుకోవాలి, అని చెప్పింది. ఆయనకు అప్పటిదాకా ఆమె రాసుకుంటున్నట్టు తెలీదు.

ల్యాబు ఫలితాలు సెప్టెంబరులో వచ్చాయి. ఐదు ప్లాంట్లలో వడపోత పొరలు పూర్తిగా పోయాయి. మూడింట్లో నీళ్ళు తాగడానికి పనికిరావు. పాత ల్యాబువాళ్ళు ట్రస్టు నుంచి ఏడు నెలలుగా ఒక్క సీసా కూడా రాలేదని రాసిచ్చారు. గోడలకు అంటించిన రిపోర్టులు అంతకు ముందటివే, తారీకులు మాత్రం కొత్తవి. జగదీష్ ఒప్పుకున్నాడు. కంప్యూటర్లో మార్చాను, డైరెక్టరు గారే, ఏదో ఒకటి అంటించి కానివ్వమన్నారు అన్నాడు. నోటిమాట. కాగితం లేదు, సాక్షి లేడు. డైరెక్టరు తాను అలా అనలేదని, తన సంతకాన్ని జగదీష్ దుర్వినియోగం చేశాడని చెప్పారు. తిరుమలరావు గారు తన నివేదికలో, డైరెక్టరుకు తెలుసుననడానికి తగిన ఆధారం దొరకలేదు అని నిజాయితీగా రాశారు.

కానీ నివేదిక చివర అనుబంధం ఒకటుంది. అందులో ఏడు తారీకులు, ఏడు టైములు. టీ, రిజిస్టరు, డ్రైవరు, సన్మానం, దస్తూరీ, బదిలీలు, ఆడా మగా. ట్రస్టీల సమావేశంలో దాన్ని గట్టిగా చదివారట. పులిహోర దగ్గర ఒక ట్రస్టీ దగ్గి నీళ్ళడిగాడు. తారకేశ్వరరావు గారు ఇవన్నీ మామూలు మాటలేనని, కావాలని చేసింది కాదని, ఎనిమిదో క్లాజు అనేది ఉందనే తనకు తెలీదని చెప్పుకున్నారు. మొదటిసారే ఆ క్లాజు సంగతి ఆయనకు చెప్పినట్టు ప్రమోదిని రాసి ఉందని మోహిని చూపించారు. నీళ్ళ విషయంలో నిర్దోషిగా బయటపడిన మనిషి, ఎవరని అడిగినందుకు దొరికిపోయారు. ఆయన అనారోగ్య కారణాలతో రాజీనామా చేశారు. జగదీష్‌ను తీసేశారు. డైరెక్టరుకి వీడ్కోలు సభ జరిగింది. సన్మానం కోసం ముందే తెప్పించిన శాలువా ఉండడంతో ఆయనకే కప్పారు.

అక్టోబరులో ప్రమోదిని చివరి కబురు చెప్పడానికి కాంప్లెక్సుకి వెళ్ళింది. నువ్వు చెప్పింది నిజమని తేలింది, బాధ్యుల మీద చర్య తీసుకున్నారు, ఐదు ప్లాంట్లకూ కొత్త పొరలు వేశారు, ఇకమీద సీసాలను బయటివాళ్ళే నింపుతారు, అని చెప్పింది. ఎవరి మీద ఏం చర్యో మాత్రం చెప్పడానికి లేదంది. అవతలివాళ్ళకూ రహస్యం ఉంటుంది.

“డైరెట్రు ఎల్పోయినాడు, జగదీస్‌ని పీకేసినారు. మా ఊళ్ళో పిల్లలకి కూడా తెల్సు,” అంది అసిరమ్మ.

“నేను చెప్పలేదు.”

“మీరు సెప్పరని కూడా తెల్సు.”

ఊళ్ళో ఇంకొక సంగతి కూడా జరిగిందని ఆమె చెప్పింది. మాజీ సర్పంచి పాపారావు ఆ ఫిర్యాదు చేసింది తానేనని రామాలయం దగ్గర ప్రకటించాడు. ప్రాణాలకు తెగించి విశాఖపట్నం దాకా వెళ్ళానన్నాడు. కుర్రాళ్ళు దండ వేశారు. అసిరమ్మ మొగుడు కూడా వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చాడు. రాత్రి అన్నం తింటూ, ఆడి గుండె మనకుండదే అన్నాడు. ఆమె ఇంకొంచెం పులుసు వేసింది.

ప్రమోదిని నవ్వలేదు. రహస్యం ట్రస్టు మీద ఉన్న బాధ్యత తప్ప నీ మీద కాదు, చెప్పుకోవాలనుంటే నువ్వు చెప్పుకోవచ్చు, అది నీ హక్కు, అని వివరించింది. అసిరమ్మ ఆలోచించింది.

“సెప్తే రేపట్నుంచి ఊళ్ళో తగువులన్నీ నా కాడికొత్తాయి. ఆడికైతే అలవాటే.” కొంగు సర్దుకుంటూ అడిగింది. “మరింక మీరు రారేటి?”

రావాలి. ఫిర్యాదు మూసేసిన ఆరు నెలలకు ఒకసారి, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమో అడగాలని తొమ్మిదో క్లాజు. పెట్టడం లేదంటే ఏం చేస్తారని అసిరమ్మ అడిగింది. పెట్టడం లేదని రాసుకుంటానని ప్రమోదిని చెప్పింది.

బస్సు వచ్చింది. అసిరమ్మ లేచి, గంప అడుగునుంచి కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు తీసి బెంచీ మీద పెట్టింది. సిబ్బంది నుంచి బహుమతులు తీసుకోవచ్చో లేదో ప్రమోదిని ఒక్క క్షణం ఆలోచించింది. ఆ పాలసీ ట్రస్టులో ఇంకా రాయలేదు. రాయవలసింది తనే. పొట్లం సంచిలో వేసుకుని ఆఫీసుకు నడిచింది.